కొలతల మొత్తంలో అనిశ్చితి

భౌతికశాస్త్ర ప్రయోగాలలో కావలసిన రాశి ఒకే కొలతతో దొరకనప్పుడు దానిని భాగాలుగా కొలిచి కూడుతారు. ఈ విధంగా వచ్చిన మొత్తం ఎంతవరకు నమ్మదగినదో తెలిపే విలువనే కొలతల మొత్తంలో అనిశ్చితి అంటారు. ప్రతి భాగపు కొలతలోను కొంత అనిశ్చితి ఉంటుంది కాబట్టి మొత్తంలోను అది ఉంటుంది. అయితే ఆ చిన్న అనిశ్చితులు మొత్తంలో ఎలా కలుస్తాయన్నది అవి ఎక్కడి నుండి వచ్చాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కొంతవరకు పరస్పరం రద్దవుతాయి. ఒకే కారణం నుండి పుట్టినవి రద్దు కాకుండా పేరుకుంటాయి. ఈ తేడాను గమనించకపోతే విద్యార్థి తన ఫలితం పక్కన రాసే ± విలువకు అర్థం ఉండదు.

## దోషం, అనిశ్చితి

కొలిచిన విలువకు, నిజమైన విలువకు మధ్య ఉన్న తేడాను దోషం అంటారు. నిజమైన విలువ తెలియదు కాబట్టి దోషం ఎంతో, అది ఏ దిశలో ఉందో కూడా సాధారణంగా తెలియదు. ఆ దోషం సుమారుగా ఏ మేరకు ఉండవచ్చో చెప్పే అంచనాయే అనిశ్చితి. ఒక పొడవును 52.4 ± 0.1 సెం.మీ. అని రాస్తే, నిజమైన పొడవు 52.4 సెం.మీ.కు అటూ ఇటూ సుమారు 0.1 సెం.మీ. మేరలో ఉండవచ్చునని అర్థం.

దోషాలు ముఖ్యంగా రెండు రకాలు. కొలిచిన ప్రతిసారీ దిశ, పరిమాణం మారుతూ ఉండేవి యాదృచ్ఛిక దోషాలు. గీతకు స్కేలును ఆనించడంలో వచ్చే చిన్న తేడాలు, విభాగాల మధ్య భాగాన్ని కంటితో అంచనా వేయడంలో వచ్చే తేడాలు ఈ కోవకు చెందుతాయి. ప్రతిసారీ ఒకే దిశలో వచ్చేవి క్రమ దోషాలు. పరికరపు శూన్యాంశ దోషం, అరిగిపోయిన స్కేలు చివర వంటివి వీటికి ఉదాహరణలు.

## ఉదాహరణ: ప్రయోగశాల బల్ల పొడవు

మూడున్నర మీటర్ల పొడవున్న ఒక ప్రయోగశాల బల్లను ఒకే చెక్క మీటరు స్కేలుతో కొలవాలనుకుందాం. స్కేలు చివరను బల్ల అంచుకు ఆనించి, 100 సెం.మీ. విభాగం వద్ద పెన్సిలుతో గీత గీస్తారు. తరువాత స్కేలును జరిపి, దాని చివరను ఆ గీత వద్ద ఉంచి మరల కొలుస్తారు. ఈ విధంగా మూడుసార్లు పూర్తి మీటరు, నాలుగవసారి 52.4 సెం.మీ. వచ్చిందనుకుంటే బల్ల పొడవు 352.4 సెం.మీ. అవుతుంది.

స్కేలును ఉంచిన ప్రతిసారీ దాని చివర గీతకు సరిగ్గా ఆనకపోవచ్చు. పెన్సిలు గీతకు కూడా కొంత మందం ఉంటుంది. ఈ కారణాలన్నీ కలిపి ఒక్కొక్క అమరికకు ± 0.1 సెం.మీ. అనిశ్చితి ఉందనుకుందాం. అలాంటి నాలుగు అమరికలను కూడినప్పుడు మొత్తానికి ఎంత అనిశ్చితి ఉన్నట్లు?

## గరిష్ఠ దోష పద్ధతి

అన్ని దోషాలు ఒకే దిశలో, వాటి పూర్తి పరిమాణంతో వచ్చాయని భావిస్తే మొత్తంలోని దోషం వాటి కూడికకు సమానం. Z = A + B అయినప్పుడు

ΔZ = ΔA + ΔB

అవుతుంది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం, పదకొండవ తరగతి భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో కనిపిస్తూ వచ్చిన నియమం ఇదే. దీని ప్రకారం బల్ల పొడవులో అనిశ్చితి 0.1 + 0.1 + 0.1 + 0.1 = 0.4 సెం.మీ.

ఈ నియమంలో తప్పు లేదు. ఒక్కొక్క కొలతకు ఇచ్చిన హద్దు నిజంగా దాటరాని హద్దే అయితే, మొత్తం కూడా ఈ హద్దును దాటదు. కాబట్టి అన్నిటికంటే అననుకూల పరిస్థితిలో ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి ఇది సరిపోతుంది. అయితే స్వతంత్రంగా వచ్చే నాలుగు దోషాలూ ఒకేసారి ఒకే వైపునకు, పూర్తి పరిమాణంతో రావడం అరుదు. అందువలన ఈ పద్ధతి సాధారణంగా ఉండవలసినదాని కంటే పెద్ద అనిశ్చితిని ఇస్తుంది. కూడే భాగాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ అతిశయం కూడా పెరుగుతుంది.

## వర్గాల పద్ధతి

స్వతంత్ర దోషాలు ఎంతవరకు రద్దవుతాయో ఒక సులభమైన నమూనాతో చూడవచ్చు. ప్రతి అమరికలోను దోషం సరిగ్గా +1 మి.మీ. లేదా −1 మి.మీ. మాత్రమే ఉంటుందని, రెండింటికీ సమాన అవకాశం ఉందని అనుకుందాం. ఇది నాలుగు నాణేలను ఎగురవేయడం వంటిది. నాలుగు అమరికలకు మొత్తం 2 × 2 × 2 × 2 = 16 విధాల ఫలితాలు రావచ్చు. వాటిలో

* మొత్తం దోషం +4 మి.మీ. అయ్యేది 1 విధం
* +2 మి.మీ. అయ్యేవి 4 విధాలు
* 0 అయ్యేవి 6 విధాలు
* −2 మి.మీ. అయ్యేవి 4 విధాలు
* −4 మి.మీ. అయ్యేది 1 విధం

అనగా గరిష్ఠ దోషమైన 4 మి.మీ. 16 విధాలలో రెండింటిలో మాత్రమే వస్తుంది. మిగిలిన 14 విధాలలో దోషం 2 మి.మీ. లేదా అంతకంటే తక్కువ. దోషాల వర్గాల సరాసరిని కనుగొంటే, 16 మి.మీ.² విలువ రెండుసార్లు, 4 మి.మీ.² విలువ ఎనిమిదిసార్లు, సున్న ఆరుసార్లు వస్తాయి కాబట్టి (32 + 32 + 0) ÷ 16 = 4 మి.మీ.² అవుతుంది. దాని వర్గమూలం 2 మి.మీ. మొత్తం పొడవులో ఎదురుచూడదగిన దోషపు పరిమాణం ఇదే.

ఒక్కొక్క అమరికకు వర్గపు సరాసరి 1 మి.మీ.². నాలుగింటిని కూడితే 4 మి.మీ.². దోషాల వర్గాలే నేరుగా కూడాయి గాని దోషాలు కూడలేదని దీనినిబట్టి తెలుస్తుంది. రెండు దోషాల మొత్తాన్ని వర్గం చేస్తే (a + b)² = a² + 2ab + b² అవుతుంది. దోషాలు స్వతంత్రమైనవి అయినప్పుడు 2ab అనే పదం కొన్నిసార్లు ధనాత్మకంగా, కొన్నిసార్లు ఋణాత్మకంగా వచ్చి సరాసరిలో సున్న అవుతుంది. మిగిలేది a² + b² మాత్రమే. అందువలన

ΔZ = √(ΔA² + ΔB² + ΔC² + …)

అనే సూత్రం వస్తుంది. దోషాలు కేవలం రెండు విలువలనే తీసుకోవాలన్న షరతు దీనికి లేదు. వాటి సరాసరి సున్న కావడం, అవి ఒకదానిపై ఒకటి ఆధారపడకపోవడం చాలు. దీని ప్రకారం బల్ల పొడవు 352.4 ± 0.2 సెం.మీ. గరిష్ఠ దోష పద్ధతి ఇచ్చిన దానిలో ఇది సగం. సమానమైన n అనిశ్చితులను కూడినప్పుడు మొదటి పద్ధతిలో మొత్తం n రెట్లు పెరిగితే, రెండవ పద్ధతిలో √n రెట్లు మాత్రమే పెరుగుతుంది.

## ఒకే కారణం నుండి వచ్చే దోషాలు

వర్గాల పద్ధతికి ప్రాణం స్వతంత్రత. అది లేనిచోట ఈ సూత్రాన్ని వాడితే అనిశ్చితి నిజానికంటే చిన్నదిగా కనిపిస్తుంది.

పై ఉదాహరణలో వాడిన చెక్క స్కేలు పాతదని, దాని సున్న వైపు చివర 0.1 సెం.మీ. అరిగిపోయిందని అనుకుందాం. అప్పుడు చివర నుండి 100 సెం.మీ. విభాగం వరకు నిజంగా ఉండేది 99.9 సెం.మీ. మాత్రమే. విద్యార్థి దానిని 100 సెం.మీ.గా లెక్కిస్తాడు. ప్రతి అమరికలోను ఇదే జరుగుతుంది. నాలుగవ అమరికలో 52.4 అని చదివినది కూడా నిజానికి 52.3 సెం.మీ. ఇక్కడ దోషాలు ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా రావు. నాలుగుసార్లూ పొడవును 0.1 సెం.మీ. ఎక్కువ చేసి చూపిస్తాయి. మొత్తం దోషం 4 × 0.1 = 0.4 సెం.మీ. పైన చెప్పిన 2ab పదం ఇక్కడ ఎప్పుడూ ధనాత్మకమే కాబట్టి అది రద్దు కాదు.

దీనినిబట్టి ఈ విధంగా చెప్పవచ్చు. ఒకే పరికరపు ఒకే లోపం నుండి వచ్చిన దోషాలను మొదట వాటి గుర్తులతో సహా నేరుగా కూడాలి. వాటి విలువ తెలిస్తే ఫలితాన్ని సవరించాలి. పై స్కేలు అరుగుదల 0.1 సెం.మీ. అని తెలిసిన తరువాత బల్ల పొడవును 352.4 − 0.4 = 352.0 సెం.మీ.గా సరిచేయవచ్చు. ఆ తరువాత మిగిలిన స్వతంత్ర అనిశ్చితులను వర్గాల పద్ధతిలో కలపాలి.

## దాగి ఉన్న క్రమ దోషాన్ని గుర్తించడం

కొలతను పలుమార్లు చేసినంత మాత్రాన క్రమ దోషం బయటపడదు. అదే స్కేలుతో బల్లను ఐదుసార్లు కొలవగా 352.4, 352.5, 352.2, 352.6, 352.3 సెం.మీ. వచ్చాయనుకుందాం. వీటి సరాసరి 352.4 సెం.మీ. సరాసరి నుండి తేడాలు 0, 0.1, −0.2, 0.2, −0.1. వీటి వర్గాల మొత్తం 0.10. దానిని 4తో భాగించి వర్గమూలం తీస్తే ప్రామాణిక విచలనం సుమారు 0.16 సెం.మీ. వస్తుంది. ముందుగా వర్గాల పద్ధతి ఊహించిన 0.2 సెం.మీ.కు ఇది దగ్గరగా ఉంది. కావున ఒక్కొక్క అమరికకు వేసిన ± 0.1 అంచనా సరియైనదే.

సరాసరిలోని అనిశ్చితి ఇంకా తక్కువ. ఐదు కొలతల సరాసరి కాబట్టి 0.16ను √5తో భాగించాలి. అప్పుడు సుమారు 0.07 సెం.మీ. వస్తుంది. ఇంతవరకు చూసిన విద్యార్థికి తన ఫలితం చాలా కచ్చితమైనదని అనిపిస్తుంది. కాని ఐదు కొలతలలోను అరిగిన చివర అదే కాబట్టి ఆ 0.4 సెం.మీ. సరాసరిలో చెక్కుచెదరకుండా ఉంటుంది.

దీనిని కనుగొనడానికి వేరొక పరికరంతో గాని వేరొక విధంగా గాని కొలవాలి. బల్లను ఒకే ఉక్కు టేపుతో కొలిస్తే 352.0 ± 0.1 సెం.మీ. వచ్చిందనుకుందాం. రెండు ఫలితాల మధ్య తేడా 0.4 సెం.మీ. ఆ తేడాలోని అనిశ్చితి √(0.07² + 0.1²), అనగా సుమారు 0.12 సెం.మీ. తేడా దాని అనిశ్చితికి మూడు రెట్లకు పైగా ఉంది. యాదృచ్ఛిక దోషాల వలన ఇంత తేడా రావడం అరుదు కాబట్టి ఏదో ఒక పరికరంలో క్రమ దోషం ఉందని అనుమానించవచ్చు. టేపు లేనప్పుడు అదే స్కేలును చివర నుండి కాక 10 సెం.మీ. విభాగం నుండి మొదలుపెట్టి వాడవచ్చు. అరుగుదల వలన వచ్చే దోషం ఆ పద్ధతిలో ఉండదు.

## అసమాన అనిశ్చితులు: లఘులోలకం పొడవు

కూడవలసిన భాగాలను వేర్వేరు పరికరాలతో కొలిచినప్పుడు వాటి అనిశ్చితులు సమానంగా ఉండవు. లఘులోలకం ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. లోలకం పొడవు L అనగా దారాన్ని బిగించిన బిందువు నుండి గుండు కేంద్రం వరకు ఉన్న దూరం. ఇది మూడు భాగాల మొత్తం.

* దారం పొడవు, మీటరు స్కేలుతో: 96.3 ± 0.1 సెం.మీ.
* గుండు కొక్కెం ఎత్తు, వెర్నియర్ కాలిపర్స్‌తో: 0.62 ± 0.01 సెం.మీ.
* గుండు వ్యాసార్థం: 0.950 ± 0.005 సెం.మీ.

వెర్నియర్‌తో కొలిచినది వ్యాసం, 1.90 ± 0.01 సెం.మీ. దానిని రెండుతో భాగించినప్పుడు అనిశ్చితి కూడా సగం అవుతుంది.

ఈ మూడింటి మొత్తం 97.87 సెం.మీ. అనిశ్చితుల వర్గాలు వరుసగా 0.01, 0.0001, 0.000025. వీటి మొత్తం 0.010125, వర్గమూలం 0.1006. అనగా కొక్కెం, గుండు కలిసి మొత్తం అనిశ్చితిని 0.1 నుండి 0.1006కు మాత్రమే పెంచాయి. ఫలితం L = 97.9 ± 0.1 సెం.మీ. గరిష్ఠ దోష పద్ధతిలో 0.115 వస్తుంది. ఒక అంకెకు సవరిస్తే అది కూడా 0.1 సెం.మీ. మాత్రమే. ఒక అనిశ్చితి మిగిలినవాటికంటే చాలా పెద్దదైనప్పుడు రెండు పద్ధతులూ దాదాపు ఒకే సమాధానాన్ని ఇస్తాయి.

ప్రయోగం చేసేవారికి దీనివలన ఒక ఉపయోగం ఉంది. వెర్నియర్‌కు బదులుగా స్క్రూగేజితో గుండు వ్యాసాన్ని కొలిచినా L విలువ మెరుగుపడదు. మెరుగుపరచవలసినది దారం కొలత. దారం గుండు బరువుకు కొంత సాగుతుంది కాబట్టి దానిని బల్ల మీద పరచి కాక, గుండు వేలాడుతుండగా కొలవాలి. చీల్చిన కార్కు మధ్య దారాన్ని బిగించినప్పుడు అది కార్కు అడుగు అంచు వద్దనే ఊగుతున్నదా అన్నది కూడా చూడాలి. కార్కు అడుగు భాగంలో దారం వదులుగా ఉంటే లోలకం నిజమైన పొడవు కొలిచినదాని కంటే ఎక్కువగా ఉంటుంది.

## శాతాలను కూడడంలో పొరపాటు

కూడికలో కలిసేవి పరమ అనిశ్చితులు, అనగా సెంటీమీటర్లు, గ్రాములు వంటి ప్రమాణాలలో ఉన్నవి. శాతాలను కలిపే నియమం గుణకార భాగహారాలకు చెందినది. ఈ రెండింటినీ తారుమారు చేయడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు.

లోలకం ఉదాహరణలో శాత అనిశ్చితులు దారానికి సుమారు 0.1, కొక్కేనికి 1.6, వ్యాసార్థానికి 0.5. వీటిని కూడితే 2.2 శాతం వస్తుంది. 97.9 సెం.మీ.లో 2.2 శాతం అంటే దాదాపు 2.2 సెం.మీ. కొక్కెం, వ్యాసార్థం రెండూ కలిపినా 1.57 సెం.మీ. మాత్రమే ఉండగా అనిశ్చితి 2.2 సెం.మీ. ఉండటం అసంబద్ధం. ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు నియమం తప్పుగా వాడినట్లు గ్రహించవచ్చు. లోలకం పొడవు నుండి g విలువను g = 4π²L/T² సూత్రంతో గణించేటప్పుడు మాత్రం శాతాలను వాడాలి. అంతకు ముందే L లోని అనిశ్చితిని కూడిక నియమంతో కనుగొని ఉండాలి.

## వ్యవకలనం

Z = A − B అయినప్పుడు కూడా స్వతంత్ర అనిశ్చితులు పై సూత్రం ప్రకారమే కలుస్తాయి. అవి ఒకదాని నుండి ఒకటి తీసివేయబడవు. దగ్గర దగ్గర విలువలను తీసివేసినప్పుడు దీని ప్రభావం ఎక్కువగా ఉంటుంది. నీటి ఉష్ణోగ్రత 30.0 నుండి 33.0 డిగ్రీలకు పెరిగిందనుకుందాం. ఒక్కొక్క రీడింగుకు ± 0.5 డిగ్రీల అనిశ్చితి ఉంటే పెరుగుదల 3.0 ± 0.7 డిగ్రీలు. విడివిడిగా చూస్తే రెండు శాతం కూడా లేని అనిశ్చితి, తేడాలో దాదాపు 24 శాతం అయింది.

ఒకే కారణం నుండి వచ్చే దోషాలు మాత్రం వ్యవకలనంలో మేలు చేస్తాయి. ఆ ఉష్ణమాపకం ప్రతిసారీ 1 డిగ్రీ ఎక్కువ చూపిస్తుంటే, రెండు రీడింగులలోను ఆ 1 డిగ్రీ ఉంటుంది కాబట్టి తేడాలో అది పోతుంది. కెలోరీమీటరును ఖాళీగా ఒకసారి, నీటితో ఒకసారి తూచినప్పుడు త్రాసు శూన్యాంశ దోషం కూడా ఇదే విధంగా రద్దవుతుంది. బల్ల పొడవును కొలిచినప్పుడు పేరుకున్నటువంటి దోషమే ఇక్కడ తొలగిపోతుంది. అందువలన తీసివేయవలసిన రెండు కొలతలను ఒకే పరికరంతో తీసుకోవడం మంచిది.

## ఫలితాన్ని రాయడం

గణన పూర్తయ్యేవరకు అదనపు అంకెలను ఉంచి, చివరలో మాత్రమే సవరించాలి. అనిశ్చితిని సాధారణంగా ఒక సార్థక అంకెకు సవరించి, కొలత విలువను అదే దశాంశ స్థానం వరకు రాస్తారు. 97.87 ± 0.1006 అని గాని, 97.87 ± 0.1 అని గాని రాయడం సరికాదు. 97.9 ± 0.1 సెం.మీ. అని రాయాలి. ఏ పద్ధతిలో అనిశ్చితిని కలిపారో కూడా రికార్డు పుస్తకంలో తెలపాలి. గరిష్ఠ హద్దుగా ఇచ్చిన ± 0.4 సెం.మీ., వర్గాల పద్ధతిలో ఇచ్చిన ± 0.2 సెం.మీ. ఒకే కొలతకు సంబంధించినవే అయినా వాటి అర్థాలు వేరు. మొదటిది దాటరాని హద్దు. రెండవది సాధారణంగా ఎదురుచూడదగిన పరిమాణం మాత్రమే కాబట్టి నిజమైన విలువ కొన్నిసార్లు దాని వెలుపల కూడా ఉండవచ్చు.

## చరిత్ర, ప్రమాణాలు

పరిశీలనలలోని దోషాలను గణితపరంగా పరిశీలించినవారిలో జర్మన్ గణిత శాస్త్రవేత్త కార్ల్ ఫ్రెడరిక్ గాస్ ముఖ్యుడు. ఖగోళ వస్తువుల చలనంపై 1809లో వెలువడిన తన గ్రంథంలో కనిష్ఠ వర్గాల పద్ధతిని సంభావ్యతా సిద్ధాంతంతో ముడిపెట్టాడు. కొలతలలో అనిశ్చితిని తెలిపే విధానం గురించి అంతర్జాతీయ మార్గదర్శిని 1993లో వెలువడింది. అందులో స్వతంత్ర అనిశ్చితులను వర్గాల పద్ధతిలో కలపాలని, పరస్పర సంబంధం ఉన్నవాటికి ఆ సంబంధాన్ని తెలిపే అదనపు పదాన్ని చేర్చాలని సూచించారు. బల్ల పొడవు ఉదాహరణలో కనిపించిన 2ab పదానికి సాధారణ రూపమే ఈ అదనపు పదం.